బంతికీ ఎలక్ట్రాన్‌కీ ఒకటే లెక్క: ద్రవ్య తరంగాలు, అనిశ్చితత్వ నియమం ఎలా పుట్టాయి?

ఫిజిక్స్ చదివిన ప్రతి ఒక్కరూ ఎప్పుడో ఒకప్పుడు ఈ లెక్క చేసే ఉంటారు. 160 గ్రాముల క్రికెట్ బంతి సెకనుకు 40 మీటర్ల వేగంతో పోతుంటే దాని తరంగదైర్ఘ్యం ఎంత? జవాబు 10⁻³⁴ మీటర్ల దగ్గర వస్తుంది. 'అతి స్వల్పం కాబట్టి గమనించలేం' అని ఒక వాక్యం రాసి పేజీ తిప్పేస్తాం. కానీ ఆ 'గమనించలేం' అన్న మాట ఎంత గట్టిదో, అసలు బంతికి తరంగం ఉందని ఎవరికి, ఎందుకు తోచిందో తెలియాలంటే 1923 నుంచి 1927 దాకా ఏం జరిగిందో చూడాలి.

1923లో లూయీ డీబ్రోలీ (మన పుస్తకాల్లో డీబ్రోగ్లీ అని ఉంటుంది) వేసుకున్న ప్రశ్న చాలా సూటిది. తరంగం అనుకున్న కాంతి కణంలా కూడా ప్రవర్తిస్తుందని అప్పటికే తేలింది. మరి కణం అనుకున్న ఎలక్ట్రాన్ తరంగంలా ఎందుకు ప్రవర్తించకూడదు? ద్రవ్యవేగం p ఉన్న ఏ వస్తువుకైనా తరంగదైర్ఘ్యం

λ = h/p

అన్నాడు. h అంటే ప్లాంక్ స్థిరాంకం, 6.63 × 10⁻³⁴ జౌల్-సెకను. ఈ సూత్రంతో బోర్ పరమాణు నమూనాలోని ఒక వింత నియమానికి అర్థం దొరికింది. ఎలక్ట్రాన్ కొన్ని కక్ష్యల్లోనే ఎందుకు తిరగాలి? కక్ష్య చుట్టుకొలతలో పూర్తి తరంగాలు సరిగ్గా ఇమడాలి కాబట్టి. 1924లో ఇదే థీసిస్‌గా పారిస్ విశ్వవిద్యాలయానికి వెళ్లింది. పరీక్షకుల్లో ఒకరైన లాంజెవిన్ దాని ప్రతిని ఐన్‌స్టీన్‌కు పంపితే ఆయన మెచ్చుకున్నాడు. అయితే ప్రయోగంలో చూసిన ఆధారం ఇంకా లేదు.

నిజానికి ఆధారం దొరికే దారి అప్పటికే తయారవుతోంది, కాకపోతే దాని మీద పనిచేస్తున్నవాళ్లకు ఆ సంగతి తెలియదు. అమెరికాలో డేవిసన్, గెర్మర్ నికెల్ లోహం మీదికి ఎలక్ట్రాన్లు కొట్టి, అవి ఏ దిక్కుకు ఎన్ని చెదిరిపోతాయో కొలుస్తున్నారు. 1925లో ఒకరోజు ద్రవ గాలి ఉన్న సీసా పేలింది. ప్రయోగ నాళం పగిలింది. అప్పటికి నికెల్ ముక్క బాగా వేడిగా ఉంది. లోపలికి దూసుకొచ్చిన గాలికి దాని మీద ఆక్సైడ్ పొర దట్టంగా పట్టేసింది. దాన్ని వదిలించడానికి హైడ్రోజన్‌లోనూ, శూన్యంలోనూ చాలాసేపు అధిక ఉష్ణోగ్రతల్లో కాల్చారు. మళ్లీ ప్రయోగం మొదలుపెడితే ఫలితాలు పూర్తిగా మారిపోయాయి. ముందు నునుపుగా సాగిన గీతలో ఇప్పుడు గుట్టల్లాంటి శిఖరాలు వచ్చాయి. కారణం వేడి చేసిన పనే. చిన్న చిన్న స్ఫటికాల ముద్దగా ఉన్న నికెల్, అంతసేపు కాగాక కొన్ని పెద్ద స్ఫటికాలుగా మారింది. పరమాణువులు చాలా దూరం వరకు వరసగా నిలబడ్డాయి.

ఈ మార్పు స్ఫటికం వల్ల వచ్చిందని వాళ్లు గ్రహించారు గానీ, తరంగాల వల్ల అని కాదు. ఆ మాట 1926 వేసవిలో వినపడింది. డేవిసన్ భార్యతో కలిసి ఇంగ్లండ్‌కు సెలవుకు వెళ్లి, ఆక్స్‌ఫర్డ్‌లో ఒక శాస్త్ర సభకు హాజరయ్యాడు. అక్కడ మాక్స్ బార్న్ ఉపన్యాసమిస్తూ, డీబ్రోలీ తరంగాలకు సాక్ష్యంగా డేవిసన్ పాత గీతలనే ప్రస్తావించాడు. తన ఫలితాలకు అర్థమేమిటో ఆయన ఇంకొకరి నోట విన్నాడన్నమాట. తిరిగి వెళ్లాక ఒకే స్ఫటికంతో, ఈసారి తెలిసి తెలిసి, శిఖరాల కోసం వెతికారు. 1927 జనవరికల్లా దొరికాయి.

ఆ లెక్క చేసి చూడటం బాగుంటుంది. 54 వోల్టులతో పరుగెత్తించిన ఎలక్ట్రాన్ వేగం సెకనుకు సుమారు 4.4 × 10⁶ మీటర్లు. ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి 9.1 × 10⁻³¹ కిలోలు కాబట్టి ద్రవ్యవేగం దాదాపు 4.0 × 10⁻²⁴. దీనితో h ని భాగిస్తే తరంగదైర్ఘ్యం 1.67 × 10⁻¹⁰ మీటర్లు, అంటే 1.67 ఆంగ్‌స్ట్రాంలు. ఇది సిద్ధాంతం చెప్పిన సంగతి. ప్రయోగంలో 54 వోల్టుల దగ్గర శిఖరం 50 డిగ్రీల కోణంలో వచ్చింది. నికెల్ ఉపరితలం మీద పరమాణువుల వరసల మధ్య దూరం 2.15 ఆంగ్‌స్ట్రాంలు. దాన్ని సైన్ 50తో గుణిస్తే ప్రయోగం చెప్పే తరంగదైర్ఘ్యం వస్తుంది: 1.65 ఆంగ్‌స్ట్రాంలు. లోహంలో వరసలు ఎంత దూరంలో ఉన్నాయో ఎక్స్-కిరణాలతో ముందే కొలిచి పెట్టారు కాబట్టి, జవాబుకు తగ్గట్టు సర్దుకోవడానికి ఇందులో చోటు లేదు. అదే ఏడాది స్కాట్లండ్‌లో జి.పి. థామ్సన్ పలచని లోహపు రేకుల గుండా ఎలక్ట్రాన్లు పంపి వలయాలు చూశాడు. ఎలక్ట్రాన్‌ను కణంగా స్థిరపరిచిన జె.జె. థామ్సన్ ఆయన తండ్రే. ఈ ముచ్చట ఎన్నిసార్లు చెప్పుకున్నా పాతబడదు.

ఇక బంతి సంగతి. ద్రవ్యవేగం 0.16 × 40 = 6.4. తరంగదైర్ఘ్యం 1.0 × 10⁻³⁴ మీటర్లు. ప్రోటాన్ పరిమాణం 10⁻¹⁵ మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, ఇది దానికి 10¹⁹ వంతు చిన్నది. తరంగం వంగడం కనపడాలంటే దానికి సాటివచ్చే సందు కావాలి. అంత ఇరుకు సందు దేనితో చేయాలి, పరమాణువుల కంటే సన్నని వస్తువే మన దగ్గర లేకపోతే?

'పోనీ, బంతిని నెమ్మదిగా వదిలితే?' అని చురుకైన విద్యార్థి తప్పకుండా అడుగుతాడు. వేగం తగ్గితే తరంగదైర్ఘ్యం పెరుగుతుంది కదా. మంచి ప్రశ్నే. బంతి తరంగదైర్ఘ్యం ఒక ఆంగ్‌స్ట్రాం కావాలంటే వేగం సెకనుకు 4 × 10⁻²³ మీటర్లు ఉండాలి. ఆ వేగంతో బంతి ఒక పరమాణువంత దూరం జరగడానికి 70 వేల ఏళ్లకు పైనే పడుతుంది. అదీగాక, మామూలు గది ఉష్ణోగ్రతలో వేడి వల్లే బంతికి మొత్తంగా సెకనుకు 10⁻¹⁰ మీటర్ల స్థాయి వణుకు ఉంటుంది. ఆ వణుకు మనం కోరుకునే వేగం కంటే కొన్ని లక్షల కోట్ల రెట్లు ఎక్కువ. బంతిని అంత నిశ్చలంగా పెట్టడం అయ్యే పని కాదు.

తరంగం అని ఒప్పుకున్నాక అనిశ్చితత్వాన్ని తప్పించుకోలేం. a వెడల్పున్న సందు గుండా తరంగం వెళ్తే, అది సుమారుగా λ/a సైన్ విలువ ఉన్న కోణం వరకు విచ్చుకుంటుంది. సందు దాటిన కణం స్థానం అడ్డంగా a మేరకు తెలుసు. అడ్డ ద్రవ్యవేగంలో అనిశ్చితి p × λ/a. ఇక్కడ λ బదులు h/p పెట్టండి. p కొట్టుకుపోయి h/a మిగులుతుంది. అంటే స్థానం అనిశ్చితినీ ద్రవ్యవేగం అనిశ్చితినీ గుణిస్తే h స్థాయిలో ఉంటుంది. వేగం ఎంతైనా, కణం ఏదైనా ఇంతే. సందు బిగిస్తే అటు విచ్చుకుంటుంది, విచ్చుకోవడం తగ్గించాలంటే ఇటు సందు వదులు చేయాలి.

హైసెన్‌బర్గ్ 1927లో కోపెన్‌హేగన్‌లో దీన్ని చేరిన దారి మాత్రం వేరు, అందులో కాస్త తడబాటు కూడా ఉంది. ఎలక్ట్రాన్‌ను గామా కిరణాల సూక్ష్మదర్శినితో చూస్తున్నట్టు ఊహించుకున్నాడు. స్థానం బాగా తెలియాలంటే చిన్న తరంగదైర్ఘ్యం ఉన్న కాంతి కావాలి, కానీ అది ఎలక్ట్రాన్‌ను గట్టిగా తోసేస్తుంది. వినడానికి బాగానే ఉంది. సెలవు నుంచి తిరిగొచ్చిన బోర్ మాత్రం లోపం పట్టాడు. తోపు ఎంతో ముందే తెలిస్తే దాన్ని లెక్కలో తీసేయొచ్చు కదా! అసలు చిక్కు ఏమిటంటే, కటకం వెడల్పులో ఏ దిక్కు నుంచి ఫోటాన్ వచ్చిందో మనకు తెలియదు. దానికి నాలుగేళ్ల ముందు డాక్టరేట్ మౌఖిక పరీక్షలో సూక్ష్మదర్శిని విభేదన సామర్థ్యం మీద వీన్ అడిగిన ప్రశ్నకు హైసెన్‌బర్గ్ జవాబు చెప్పలేకపోయాడు. మళ్లీ అదే అంశం దగ్గర దొరికిపోయాడు. పేపర్ చివర ఒక అనుబంధం చేర్చి బోర్ సవరణను ఒప్పుకున్నాడు.

ఆ సూక్ష్మదర్శిని బొమ్మ వల్లే ఇప్పటికీ చాలామంది ఈ నియమాన్ని 'కొలిస్తే చెదిరిపోతుంది' అని అర్థం చేసుకుంటారు. అదే ఏడాది కెన్నార్డ్ ఇచ్చిన గణిత రూపం

Δx · Δp ≥ ħ/2

ఇందులో ħ అంటే h/2π, అంటే 1.05 × 10⁻³⁴. దీనిలో కొలిచే పరికరం ఊసే లేదు. ఒకే రకంగా తయారుచేసిన చాలా ఎలక్ట్రాన్లలో సగం వాటికి స్థానం, మిగతా సగానికి ద్రవ్యవేగం కొలిచినా, ఆ విలువల చెదురు ఇలాగే ఉంటుంది.

పరమాణువులో ఇది ఏం చేస్తుందో చూద్దాం. స్థానం ఒక ఆంగ్‌స్ట్రాం మేరకు తెలిసిన ఎలక్ట్రాన్‌కు వేగంలో అనిశ్చితి కనీసం సెకనుకు 580 కిలోమీటర్లు. అసలు హైడ్రోజన్‌లో ఎలక్ట్రాన్ ఉజ్జాయింపు వేగమే సెకనుకు 2,200 కిలోమీటర్లు, అంటే ఇది దానిలో నాలుగో వంతు. ఎలక్ట్రాన్ కేంద్రకంలోకి ఎందుకు పడిపోదో కూడా దీనితోనే అంచనా వేయొచ్చు. దూరం r లో బిగిస్తే ద్రవ్యవేగం సుమారు ħ/r అవుతుంది (ఇది అంచనా కాబట్టి సగం గుణకాన్ని వదిలేద్దాం). r = 0.53 ఆంగ్‌స్ట్రాం దగ్గర గతిశక్తి 13.6 ఎలక్ట్రాన్ వోల్టులు, ఆకర్షణ శక్తి −27.2, మొత్తం −13.6. r ను సగం చేయండి. ఆకర్షణ రెట్టింపై −54.4 అవుతుంది, కానీ గతిశక్తి నాలుగింతలై 54.4 అవుతుంది. మొత్తం సున్నా. లాభం లేదు. r రెట్టింపు చేస్తే మొత్తం −10.2, అదీ లాభం కాదు. పరమాణువు పరిమాణం ఆ మధ్యలో నిలబడుతుంది.

బంతి స్థానం మైక్రోమీటరు మేరకు తెలుసనుకుందాం. ద్రవ్యవేగంలో అనిశ్చితి కనీసం 5.3 × 10⁻²⁹, వేగంలో సెకనుకు 3.3 × 10⁻²⁸ మీటర్లు. బంతి బౌలర్ చేయి వదిలి బ్యాట్‌ను చేరే అర సెకనులో దీనివల్ల వచ్చే తేడా 1.6 × 10⁻²⁸ మీటర్లు. అర సెకను చాలదంటే, విశ్వం వయసంతా, 1,380 కోట్ల ఏళ్లు అలా వదిలేయండి. తేడా ఒక ఆంగ్‌స్ట్రాం దాటి కొద్దిగా వస్తుంది, ఒక పరమాణువంత. ఎల్బీడబ్ల్యూ తీర్పుల్లో బంతి దారి చూపించే గ్రాఫిక్‌లో కాస్త తేడా రావచ్చు, కానీ అది కెమెరాలది, లెక్క కట్టే పద్ధతిది. హైసెన్‌బర్గ్‌ను అందులోకి లాగడం సరదాకి బాగుంటుంది, అంతే.

ఎలక్ట్రాన్‌కూ బంతికీ మధ్య ఎక్కడైనా గీత ఉందా అని వెతుకుతూనే ఉన్నారు. 1999లో వియన్నాలో 60 కార్బన్ పరమాణువుల బంతి లాంటి అణువును సన్నని జాలకం గుండా పంపి తరంగ చారలు చూశారు. దాని తరంగదైర్ఘ్యం సుమారు 2.5 పికోమీటర్లు, ఆ అణువు వ్యాసంలో ఏ 400వ వంతో ఉంటుంది. 2019లో 25 వేల పరమాణు ద్రవ్యరాశి యూనిట్లు దాటిన అణువులతోనూ చారలు వచ్చాయి. చారలు చెరిగిపోవడానికి సాధారణంగా కారణం తరంగదైర్ఘ్యం ఒక్కటే కాదు. నాళంలో మిగిలిన గాలి అణువులు తగలడం, అణువు వేడెక్కి కాంతి వెదజల్లడం కూడా కారణాలే. శూన్యం కాస్త చెడగొట్టి చూస్తే చారలు క్రమంగా మసకబారతాయి, ప్రయోగంలో ఆ తేడా అలాగే కొలుస్తారు. క్రికెట్ బంతి బరువు అదే యూనిట్లలో సుమారు 10²⁶. పైగా అది పరుగెత్తేది నిండు గాలిలో.