పాత స్థలం అమ్మితే లాభం ఎంత? ఇండెక్సేషన్ వెనక కథ

1986లో ఒక తండ్రి 200 గజాల స్థలం కొన్నాడు. కొడుక్కి అది 2015లో వారసత్వంగా వచ్చింది. 2025-26లో 30 లక్షలకు అమ్మాడు. అప్పటి కొనుగోలు ధరను ఇప్పటి అమ్మకం ధరలోంచి నేరుగా తీసేస్తే మిగిలేదాన్ని లాభం అనడం సరికాదు. అందులో పెద్ద భాగం రూపాయి విలువ పడిపోవడం వల్ల పెరిగిన అంకె మాత్రమే. దానికీ పన్ను వేస్తే ఆస్తి మీదే పన్ను వేసినట్టవుతుంది. షేర్లు ఏడాది రెండేళ్లలో చేతులు మారతాయి కాబట్టి వాటిలో ఈ తేడా తక్కువ. ముప్పై నలభై ఏళ్లు ఒకే కుటుంబంలో ఉండే భూమికి మాత్రం తేడా అంతా ఇక్కడే ఉంటుంది.

1992కు ముందు చట్టం దీన్ని మోటుగా సర్దేది. దీర్ఘకాలిక లాభంలో ఒక స్థిర మొత్తాన్ని, మిగిలినదానిలో కొంత శాతాన్ని మినహాయించేది. నాలుగేళ్లు ఉంచుకున్నా నలభై ఏళ్లు ఉంచుకున్నా అదే మినహాయింపు. రాజా చెల్లయ్య కమిటీ సిఫార్సు మీద 1992 ఆర్థిక చట్టం ఈ పద్ధతిని మార్చింది. 1981-82ను 100గా పెట్టి ఏటా ఒక ద్రవ్యోల్బణ సూచీ ప్రకటించడం మొదలైంది. కొన్న ధరను అమ్మిన ఏడాది సూచీతో గుణించి, కొన్న ఏడాది సూచీతో భాగించాలి. ఆ వచ్చినదాన్ని అమ్మకం ధరలోంచి తీసేయగా మిగిలినదే లాభం. ఈ సర్దుబాటునే ఇండెక్సేషన్ అంటారు.

ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఈ సూచీ ధరలతో సమానంగా పెరగదు. వినియోగదారుల ధరల సగటు పెరుగుదలలో 75 శాతాన్నే చట్టం లెక్కలోకి తీసుకుంటుంది. అంటే ఇండెక్సేషన్ మొదటినుంచీ ముప్పావు ఉపశమనమే.

2017లో సూచీని 100గా పెట్టే ఆధార సంవత్సరం 2001-02కు జరిగింది. 1981 నాటి విలువలకు ఆధారాలు దొరకడం కష్టమైపోయింది. అప్పటినుంచి, 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్న స్థలానికి అసలు ధర బదులు ఆ తేదీనాటి మార్కెట్ విలువను తీసుకోవచ్చు. 2020లో దీనికి ఒక పరిమితి పెట్టారు: సబ్ రిజిస్ట్రార్ లెక్కలో ఆ తేదీకి ఉన్న రిజిస్ట్రేషన్ విలువను దాటకూడదు. అందుకే వాల్యుయర్ రిపోర్టు ఒక్కటే చాలదు. 2001 నాటి విలువకు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి ధ్రువపత్రం ముందే తెచ్చుకోవాలి.

మన ఉదాహరణలో ఆ విలువ గజం 2,000 చొప్పున 4 లక్షలు అనుకుందాం. 2025-26 సూచీ 376. 4 లక్షలు 15.04 లక్షలవుతుంది, లాభం 14.96 లక్షలు, 20 శాతం పన్ను 2.99 లక్షలు. సెస్సు వేరు.

పొరపాటు జరిగేది వారసత్వం దగ్గర. చట్టంలోని మాటలను అక్షరాలా పట్టుకుంటే, సూచీని కొడుక్కి ఆస్తి వచ్చిన 2015-16 (254) నుంచి లెక్కించాలని వాదించవచ్చు. అప్పుడు కొనుగోలు ధర 5.92 లక్షల దగ్గరే ఆగిపోతుంది. 2011లో మంజులా షా కేసులో బొంబాయి హైకోర్టు దీన్ని ఒప్పుకోలేదు. ముందు యజమాని కొన్న కాలం నుంచే సూచీ లెక్కించాలంది. తండ్రి 2001కి ముందే కొన్నాడు కాబట్టి ఇక్కడ 100 నుంచి మొదలవుతుంది.

2024 జూలై 23న బడ్జెట్ ఇండెక్సేషన్‌ను తీసేసి, రేటును 12.5 శాతానికి తగ్గించింది. పాత స్థలాలున్నవాళ్ల నుంచి వ్యతిరేకత రావడంతో రెండు వారాల్లోనే సవరణ వచ్చింది. ఆ తేదీకి ముందు సంపాదించిన భూమికి, భవనానికి 12.5 శాతం నేరుగా గానీ, ఇండెక్సేషన్‌తో 20 శాతం గానీ, ఏది తక్కువైతే అది కడితే చాలు. అయితే ఈ వెసులుబాటు దేశంలో నివాసి అయిన వ్యక్తికి, హిందూ అవిభక్త కుటుంబానికి మాత్రమే.

ఇందులో ఏది లాభమో మనసులోనే తేల్చుకోవచ్చు. 2001 విలువ మీద 2025-26లో అమ్మితే, ధర సుమారు 8.4 రెట్లలోపు పెరిగినంతవరకు ఇండెక్సేషన్ మంచిది. మన స్థలం 7.5 రెట్లే పెరిగింది. 12.5 శాతం దారిలో లాభం 26 లక్షలు, పన్ను 3.25 లక్షలు. అదే స్థలం 60 లక్షలు పలికితే లెక్క తిరగబడుతుంది: ఇండెక్సేషన్‌తో 8.99 లక్షలు, లేకుండా 7 లక్షలు. ధర బాగా పెరిగిన నగర శివార్లకు కొత్త రేటు కలిసొచ్చింది. నెమ్మదిగా పెరిగిన చిన్న పట్టణాల స్థలాలకే ఇండెక్సేషన్ అవసరం. ఆ అవసరం ఉన్నవాళ్లకే దాన్ని మిగిల్చి ఉంచడం న్యాయమైన పనే.

న్యాయం కానిది ప్రవాసుల విషయం. ఇదే కొడుకు అమ్మిన ఏడాది అమెరికాలో ప్రవాసిగా ఉంటే 3.25 లక్షలు కట్టాల్సిందే, ఎంపిక లేదు. రూపాయి విలువ ఇద్దరికీ ఒకేలా పడింది కదా.

ఇంకో పరిమితి కూడా ఉంది. 2012-13లో (సూచీ 200) 10 లక్షలకు కొని 2025-26లో 18 లక్షలకు అమ్మితే, ఇండెక్సేషన్ ప్రకారం ఖర్చు 18.8 లక్షలు, పన్ను సున్నా. ఆ 80 వేల తేడాను మాత్రం నష్టంగా చూపి వచ్చే ఏడాదికి మోసుకెళ్లలేరు.