పీఎఫ్ పాస్‌బుక్: కంపెనీ వాటా, పెన్షన్, వడ్డీ మీద అపోహలు - వాస్తవాలు

నేను పేరోల్ పని చేస్తా, నెలనెలా పీఎఫ్ చలానాలు కట్టేది నేనే, అందుకని మా దగ్గర పనిచేసేవాళ్లు ఫోన్‌లో పాస్‌బుక్ తెరిచి నేరుగా నా టేబుల్ దగ్గరికే వస్తుంటారు. ఎక్కువగా వచ్చే డౌట్లు ఇవి.

అపోహ: "నా జీతంలో 3,000 కట్ చేశారు, కంపెనీ కూడా అంతే వేయాలి కదా, పాస్‌బుక్‌లో 1,750 మాత్రమే ఉంది, మిగతాది మింగేశారు."

వాస్తవం: ఆ లైన్‌లోనే ఇంకొంచెం కుడిపక్కకి చూడండి, పెన్షన్ అని మూడో కాలమ్ ఉంటుంది, అందులో 1,250 ఉంటుంది. బేసిక్, డీఏ కలిపి 25,000 అనుకుంటే మీ వాటా 12 శాతం అంటే 3,000, కంపెనీ వాటా కూడా 3,000, కాకపోతే కంపెనీ దాంట్లోంచి 8.33 శాతం పెన్షన్ స్కీమ్‌కి పోతుంది. ఆ 8.33 శాతాన్ని 15,000 మీదే లెక్కేస్తారు కాబట్టి అది 1,250 దగ్గర ఆగిపోతుంది, మిగిలిన 1,750 మీ పీఎఫ్‌లో పడుతుంది. కాబట్టి చూడాల్సింది ఎంప్లాయర్ కాలమ్, పెన్షన్ కాలమ్ కలిపితే మీ కాలమ్‌కి సమానం అవుతుందా లేదా అని. కొన్ని కంపెనీలు జీతం ఎంతున్నా 15,000 మీదే పీఎఫ్ కడతాయి, అప్పుడు 1,800, 550, 1,250 అని కనిపిస్తుంది, అది కూడా రూల్ ప్రకారమే. 2014 సెప్టెంబర్ తర్వాత మొదటిసారి పీఎఫ్‌లో చేరి అప్పటికే 15,000 దాటిన జీతం ఉన్నవాళ్లకైతే పెన్షన్ కాలమ్ సున్నా ఉంటుంది, మొత్తం 3,000 ఎంప్లాయర్ కాలమ్‌లోనే పడాలి. ఇక్కడ మాత్రం కాస్త గట్టిగా చూసుకోండి, ఇలాంటివాళ్లకి కూడా పొరపాటున పెన్షన్ కట్టేస్తే తర్వాత క్లెయిమ్ టైమ్‌లో అది పెద్ద తలనొప్పి అవుతుంది.

ఇంకోటి, పెన్షన్ కాలమ్‌లో ఉన్న డబ్బు మీద వడ్డీ రాదు, దాన్ని మీ బ్యాలెన్స్‌లో కలిపి లెక్కేసుకుని "తగ్గింది" అనుకోవద్దు.

అపోహ: "వడ్డీ 8.25 శాతం అన్నారు, చివరి బ్యాలెన్స్ మీద వేస్తే అంత రావట్లేదు, తక్కువ ఇచ్చారు."

వాస్తవం: వడ్డీ ఏ నెలకి ఆ నెల ఉన్న బ్యాలెన్స్ మీద లెక్కేసి, ఏడాదికి ఒకసారి కలుపుతారు. ఈ నెలలో పడిన డబ్బుకి వచ్చే నెల నుంచే వడ్డీ మొదలవుతుంది, అంటే ఏప్రిల్‌లో పడినదానికి 11 నెలలు, మే దానికి 10, అలా దిగుతూ మార్చిలో పడినదానికి ఆ ఏడాది ఏమీ రాదు, అన్నీ కూడితే 66. ఇక 2024-25 లెక్క చూద్దాం, ఓపెనింగ్ బ్యాలెన్స్‌లో మీ వాటా 1,00,000, నెలకి 3,000 చొప్పున 12 నెలలూ పడ్డాయి, మధ్యలో ఏమీ తీయలేదు:

```
1,00,000 × 8.25 / 100      = 8,250
3,000 × 66 × 8.25 / 1200   = 1,361
మొత్తం                     = 9,611
```

`Int. Updated upto 31/03/2025` అని ఉన్న లైన్‌లో మీ కాలమ్ కింద దాదాపు ఇదే ఉండాలి. కంపెనీ వాటా కూడా ఇలాగే, 60,000 ఓపెనింగ్, నెలకి 1,750 అయితే 5,744 వస్తుంది. రూపాయి రెండు రూపాయలు అటూ ఇటూ అయితే వదిలేయండి, వందల్లో తేడా ఉంటే మాత్రం ఏదో నెల పడలేదు, లేదా లేటుగా పడింది, లేదా మధ్యలో అడ్వాన్స్ తీసుకున్నారు, ఈ మూడిట్లో ఏదో ఒకటి అయ్యుంటుంది.

ఏప్రిల్ రాగానే వడ్డీ లైన్ కనిపించకపోతే కంగారు పడక్కర్లేదు, రేటు నోటిఫై అయ్యాక కొన్ని నెలలకి ఎక్కిస్తారు, ఎప్పుడు ఎక్కించినా మార్చి 31 తేదీ లెక్కతోనే వేస్తారు కాబట్టి లేటయినందుకు మీకు నష్టం లేదు.

అపోహ: "పేస్లిప్‌లో పీఎఫ్ కట్ అయిందంటే కట్టేసినట్టే."

వాస్తవం: పేస్లిప్ కంపెనీ ప్రింట్ చేసే కాగితం, డబ్బు చేరిందో లేదో చెప్పేది పాస్‌బుక్ ఒక్కటే. ఏ నెల జీతానికైనా తర్వాతి నెల 15లోగా కట్టాలి, అందుకే మార్చి జీతం ఎంట్రీలో `Cont. For Due-Month 042024` అని ఉంటుంది, అది చూసి "మార్చి పడలేదు" అని చాలామంది గొడవ పెట్టుకుంటారు. వేజ్ మంత్ కాలమ్‌ని పట్టుకుని పేస్లిప్‌లు పక్కన పెట్టుకుని వరుసగా టిక్ పెట్టుకుంటూ పోండి, పక్కనే క్రెడిట్ అయిన తేదీ ఉంటుంది, అది ప్రతిసారీ నెలా రెండు నెలలు లేటుగా కనిపిస్తుంటే కంపెనీ మీ దగ్గర కట్ చేసిన డబ్బుని తన దగ్గరే ఉంచుకుంటోందన్నమాట. ఉద్యోగం మారినవాళ్లకి ఒకే యూఏఎన్ కింద రెండు మూడు మెంబర్ ఐడీలు ఉంటాయి, ఒక్కోదానికి పాస్‌బుక్ వేరు, పాత కంపెనీ నెలలు కొత్త ఐడీలో వెతికితే దొరకవు.

నిజంగానే నెల ఖాళీగా ఉంటే హెచ్‌ఆర్‌ని నోటితో అడిగి ఊరుకోవద్దు, ఆ నెల చలానా, దాంతోపాటు కంపెనీ ఫైల్ చేసే ఉద్యోగుల లిస్టు అయిన ఈసీఆర్‌లో మీ పేరున్న లైన్ చూపించమని మెయిల్ పెట్టండి. చలానా ఉండి మీ లైన్ లేకపోతే మిమ్మల్ని ఆ నెల లిస్టులో వదిలేశారని అర్థం, దానికి వాళ్లు మళ్లీ ఫైల్ చేసి కట్టాలి. జవాబు రాకపోతే ఆ నెల పేస్లిప్, పాస్‌బుక్ పేజీ రెండూ జతచేసి epfigms.gov.in లో కంప్లయింట్ వేయండి.