హోదా పేరు కలవకపోతే అనుభవం లేనట్టేనా? రెజ్యూమేల వడపోతలో అపోహలు – వాస్తవాలు

నియామకాల పనిలో ఉన్నవారికి ఒక ప్రశ్న తప్పక ఎదురవుతుంది. "మనం ప్రొక్యూర్‌మెంట్ మేనేజర్ కావాలని ప్రకటన ఇస్తే, అడ్మిన్ ఎగ్జిక్యూటివ్ రెజ్యూమే ఎందుకు పంపారు?" అని ఆ పోస్టు ఉన్న విభాగాధిపతి అడుగుతారు. అదే ప్రశ్న అభ్యర్థుల వైపు నుంచి భయంగా వస్తుంది: "నేను చేసే పని ఇదే, కానీ నా హోదా పేరు వేరు, దరఖాస్తు పెట్టవచ్చా?" ఈ రెండు ప్రశ్నలకూ మూలం ఒకే అపోహ. మిగిలిన అపోహల వల్ల ఎవరికో కొంత సమయం వృథా అవుతుంది, అంతే. దీనివల్ల మాత్రం పని తెలిసిన మనిషి మొదటి వడపోతలోనే పోతారు, పోయినట్టు ఎవరికీ తెలియదు కూడా.

అపోహ: పాత హోదా పేరు ప్రకటనలోని పేరుతో కలవకపోతే, ఆ పనిలో అనుభవం లేనట్టే.

హోదా పేరును నిర్ణయించేది చాలాచోట్ల పని కాదు. పెద్ద సంస్థల్లో అది జీతపు గ్రేడును బట్టి వస్తుంది. ఒకే గ్రేడులో ఉన్నందువల్ల ఖాతాలు చూసేవారు, కొనుగోళ్లు చూసేవారు, శిక్షణ ఇచ్చేవారు అందరూ 'సీనియర్ ఎగ్జిక్యూటివ్'లే అవుతారు. చిన్న సంస్థల్లో చేరిన రోజున ఇచ్చిన పేరే ఏళ్ల తరబడి కొనసాగుతుంది. ఈలోగా పని మూడింతలు పెరిగి, పూర్తిగా వేరే దారి పట్టి ఉండవచ్చు. జీతం పెంచలేని సంవత్సరంలో సంతృప్తి పరచడానికి పెద్ద హోదా ఇచ్చే యాజమాన్యాలూ ఉన్నాయి; పేరు గొప్ప ఊరు దిబ్బ అన్న సామెత ఇలాంటి హోదాలకు సరిగ్గా సరిపోతుంది. పెద్ద పెట్టుబడి బ్యాంకుల్లో 'వైస్ ప్రెసిడెంట్' అంటే అధ్యక్షుడి తరువాతి స్థానం కాదు, అనలిస్ట్, అసోసియేట్ మెట్లు దాటినవారికి వచ్చే మధ్యస్థాయి హోదా మాత్రమే. కెనడాలో 'ఇంజనీర్' అన్న పేరు వాడకంపై ప్రాంతీయ చట్టాల నియంత్రణ ఉన్నందువల్ల, మరోచోట సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అనిపించుకునే వ్యక్తి అక్కడ డెవలపర్ అన్న పేరుతో ఉండే అవకాశం ఎక్కువ.

వృత్తులను లెక్కించవలసిన సంస్థలు ఈ సంగతిని ఏనాడో గుర్తించాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ రూపొందించిన వృత్తుల వర్గీకరణ, ఐఎస్‌సీఓ-08, ఉద్యోగాన్ని ఒక వ్యక్తి చేసే పనులు, విధుల సముదాయంగా నిర్వచిస్తుంది. వర్గీకరణ ఆ పనులను బట్టే సాగుతుంది. అమెరికాలో ఓవర్‌టైమ్ చెల్లింపు నుంచి ఒక ఉద్యోగిని మినహాయించవచ్చా లేదా అన్నది తేల్చేటప్పుడు కూడా హోదా పేరు ఒక్కటే చాలదని అక్కడి కార్మిక నిబంధనలు స్పష్టంగా చెబుతాయి. 'మేనేజర్' అని పేరు పెట్టినంత మాత్రాన ఆ ఉద్యోగి చేసే పని మారదు కదా.

ఇప్పుడు మొదట చెప్పిన ప్రొక్యూర్‌మెంట్ మేనేజర్ పోస్టునే తీసుకుందాం. ప్రకటనలో బాధ్యతలు ఎన్ని రాసినా, ఆ కుర్చీలో కూర్చునేవారు నిజంగా చేయవలసినవి నాలుగు: సరఫరాదారులను ఎంపిక చేయడం, ధరలు బేరమాడి ఏడాది రేట్ కాంట్రాక్టులు కుదర్చడం, నిర్ణీత పరిమితి వరకు పర్చేజ్ ఆర్డర్లను ఆమోదించడం, సరఫరా ఆగిపోయినప్పుడు ప్రత్యామ్నాయం చూడడం. వీటిలో మొదటి రెండూ లేనిదే పని నడవదు. చివరి రెండూ చేరిన తరువాత నేర్చుకోవచ్చు.

ఈ పోస్టుకు రెండు రెజ్యూమేలు వచ్చాయనుకోండి. మొదటి అభ్యర్థి హోదా 'పర్చేజ్ మేనేజర్'. బాధ్యతల కింద ఇలా ఉంది: "కొనుగోలు ప్రక్రియ మొత్తాన్ని పర్యవేక్షించాను. పర్చేజ్ ఆర్డర్లు సకాలంలో విడుదలయ్యేలా చూశాను. సరఫరాదారులతో సత్సంబంధాలు కొనసాగించాను." రెండవ అభ్యర్థి హోదా 'సీనియర్ ఎగ్జిక్యూటివ్, అడ్మినిస్ట్రేషన్'. ఆమె ఇలా రాశారు: "సుమారు 40 మంది సరఫరాదారుల నుంచి కొటేషన్లు తెప్పించి, తులనాత్మక పట్టిక తయారుచేసి, ప్యాకింగ్ సామగ్రికి ఏడాది రేట్ కాంట్రాక్టు కుదిర్చాను. నా పరిమితి లోపలి పర్చేజ్ ఆర్డర్లపై సంతకం నాదే. అంతకు మించినవాటికి సిఫారసు నోటు రాసి పైకి పంపేదాన్ని."

హోదాను బట్టి వడపోస్తే మొదటి వ్యక్తి నిలుస్తారు, రెండవ వ్యక్తి పోతారు. బాధ్యతలను చదివితే పరిస్థితి తిరగబడుతుంది. 'పర్యవేక్షించాను', 'చూశాను' అన్న క్రియల్లో నిర్ణయం ఎవరిదో కనబడదు. కొటేషన్లు, తులనాత్మక పట్టిక, సంతకం పరిమితి అన్నవి ఆ పని చేసినవారి నోట సహజంగా వచ్చే మాటలు. అయినా అనుమానం మిగిలితే ఫోనులో అడగడానికి ఒక ప్రశ్న చాలు: "కాంట్రాక్టు మధ్యలో సరఫరాదారు ధర పెంచమంటే ఏం చేసేవారు?" రేట్లన్నీ కేంద్ర కార్యాలయమే ఖరారు చేసి, తాను వాటిని కంప్యూటర్‌లో ఎక్కించి ఆర్డర్ విడుదల చేసే వ్యక్తి, "పై వాళ్లకు తెలియజేసేవాణ్ణి" అంటారు. స్వయంగా బేరమాడినవారు ధర పెంపు షరతు కాంట్రాక్టులో ఉందా లేదా అన్నదానితో మొదలుపెట్టి, ముడిసరుకు ధరకు ఆధారాలు అడిగామనో, మిగిలిన పరిమాణాన్ని రెండవ సరఫరాదారుకు మళ్లించామనో చెప్పుకుపోతారు. "ఎప్పుడైనా అతి తక్కువ కొటేషన్ ఇచ్చినవారిని కాదన్నారా, ఎందుకు?" అన్నది కూడా మంచి ప్రశ్నే. పట్టిక స్వయంగా తయారుచేసినవారికి దీనికి సమాధానం వెతుక్కోవలసిన అవసరం ఉండదు. మొదటి అభ్యర్థిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆర్డర్లు సకాలంలో నడిపించే పోస్టుకు ఆయనే సరైన వ్యక్తి కావచ్చు, ఈ పోస్టుకు మాత్రం ఆయన హోదా ఒక్కటే రుజువు కాదు.

వడపోత చేసేవారు పాటించవలసిన క్రమం కూడా ఇందులోంచే వస్తుంది. ఒక్క రెజ్యూమే కూడా తెరవకముందే, ప్రకటనలోని బాధ్యతల నుంచి తప్పనిసరి అయినవి రెండు మూడు ఎంచి కాగితం మీద పెట్టుకోవాలి. విభాగాధిపతితో పది నిమిషాలు మాట్లాడితే అవి తేలిపోతాయి. తరువాత రెజ్యూమేలో హోదాల వరుసను దాటేసి నేరుగా బాధ్యతలను చదివి, ఎంచుకున్న ఒక్కొక్కదాని ఎదుట 'స్వయంగా చేశారు', 'తోడ్పడ్డారు', 'ఆధారం లేదు' అన్న మూడింటిలో ఒకటి గుర్తు పెట్టాలి. ఆ పని ఎంత పరిమాణంలో, ఎంత ఇటీవల చేశారన్నది పక్కన రాయాలి. హోదాను చివరన చూడాలి, అదీ స్థాయిని అంచనా వేయడానికే: సంస్థ ఎంత పెద్దది, ఎవరికి నివేదించేవారు, కింద ఎంతమంది ఉండేవారు అన్నవాటితో కలిపి చదివినప్పుడే దానికి అర్థం ఉంటుంది. నేను చూసిన విభాగాధిపతుల్లో అత్యంత మొండి వ్యక్తి ఒకరు, హోదా వరుస తీసేసి రెజ్యూమేలు పంపితే మొదట విసుక్కున్నారు. ఆ జాబితాలో తాను అంతకుముందు హోదా చూసి తిప్పి పంపిన ఒకరిని తానే ఇంటర్వ్యూకు ఎంపిక చేసుకున్నారు. ఆ విషయం ఆయనకు చెప్పినప్పుడు మాత్రం ఒప్పుకోలేదు.

రెజ్యూమేల భాండారంలో వెతికేటప్పుడు ఈ జాగ్రత్త మరీ అవసరం. వెతుకులాట పెట్టెలో హోదా పేరును టైపు చేసినంతకాలం రెండవ అభ్యర్థి ఫలితాల్లోకే రారు. పనిని సూచించే మాటలతో వెతకాలి:

```
("rate contract" OR "vendor negotiation" OR quotations) AND "purchase orders"
```

బాధ్యతల భాగాన్ని గుడ్డిగా నమ్మమని కాదు. దాన్ని రాసేది అభ్యర్థే, కొందరు ప్రకటనలోని వాక్యాలనే తిరిగి రాస్తారు. అలాంటివాటిని పట్టుకోవడం కష్టం కాదు: ప్రతి వాక్యం ఒకే ఎత్తులో ఉంటుంది, ఎక్కడా పరిమాణం ఉండదు, ఎవరి ఆమోదం కావాలో ఉండదు, మినహాయింపు ఉండదు. నిజంగా పనిచేసినవారి వర్ణనలో పరిమితులు కూడా కనబడతాయి. 'అంతకు మించినవాటికి సిఫారసు నోటు' అన్నది అటువంటి పరిమితే. దానికి భిన్నంగా, పని బాగా తెలిసి రాయడం రానివారూ ఉంటారు. 'అన్ని కొనుగోళ్లు' అని రెండు మాటలు రాసి వదిలేసిన వ్యక్తిని, మిగిలిన ఆధారాలు అనుకూలంగా ఉంటే, ఐదు నిమిషాల ఫోను సంభాషణకు ముందే తిరస్కరించడం తొందరపాటు.

అపోహ: ప్రకటనలోని హోదానే రెజ్యూమేలో రాసుకుంటే సరిపోతుంది.

ఈ సలహా ఇచ్చేవారిని చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. పూర్వ ఉద్యోగాల ధ్రువీకరణ జరిగేటప్పుడు పాత సంస్థ తన రికార్డులోని హోదానే చెబుతుంది, రిలీవింగ్ లెటర్‌లోనూ అదే ఉంటుంది. తేడా కనబడితే, పని నిజంగా చేసినవారిపై కూడా అబద్ధం చెప్పారన్న ముద్ర పడుతుంది, చేతికి వచ్చిన ఆఫర్ వెనక్కి పోవచ్చు. అధికారిక హోదాను ఉన్నది ఉన్నట్టు రాసి, దాని పక్కనే పనిని తెలపండి: 'సీనియర్ ఎగ్జిక్యూటివ్, అడ్మినిస్ట్రేషన్ – ప్రధాన బాధ్యత: కొనుగోళ్లు, రేట్ కాంట్రాక్టులు'. ఇందులో దాపరికం లేదు, చదివేవారికి గందరగోళమూ లేదు.

అపోహ: హోదా కలవకపోతే కంప్యూటరే తిరస్కరిస్తుంది.

నేను పనిచేసిన వ్యవస్థల్లో వెంటనే తిరస్కరణ వచ్చేది దరఖాస్తులోని తప్పనిసరి ప్రశ్నలకు ఇచ్చిన సమాధానాల వల్ల. ఆ ప్రశ్నలను పెట్టేదీ మనుషులే. హోదా వల్ల వెనకబడడం అన్నది పైన చెప్పిన వెతుకులాట దగ్గర జరుగుతుంది.

అపోహ: డైరెక్టర్ నుంచి మేనేజర్‌కు వచ్చారంటే ఏదో తేడా ఉంది.

పదిమంది ఉన్న సంస్థలోని డైరెక్టర్ వేలమంది ఉన్న సంస్థలో మేనేజర్‌గా చేరితే, బాధ్యత పెరిగి ఉండవచ్చు కూడా. బడ్జెట్, బృందం ఎంతో అడిగితే తేలిపోతుంది.

అపోహ: అయితే హోదాను అసలు పట్టించుకోనక్కర్లేదు.

వైద్యులు, నర్సులు, పైలట్లు, ఆడిటర్ల వంటి లైసెన్సు వృత్తుల్లో బాధ్యతల వర్ణన ఎంత బాగున్నా చాలదు. అక్కడ కూడా పరిశీలించవలసినది హోదా పేరును కాదు, లైసెన్సు చెల్లుబాటులో ఉందా లేదా అన్నది. దాన్ని ఇచ్చిన సంస్థ రికార్డులోనే సరిచూడాలి.

పేరు కలవని అభ్యర్థిని విభాగాధిపతికి పంపేటప్పుడు రెజ్యూమే ఒక్కటే పంపితే మొదటి ప్రశ్నే మళ్లీ వస్తుంది కనుక, పైన మూడు వాక్యాలు జత చేయండి: "రికార్డులో హోదా అడ్మినిస్ట్రేషన్. రేట్ కాంట్రాక్టులు స్వయంగా కుదిర్చారు, ఆర్డర్లపై సంతకం అధికారం ఉంది, ధర పెంపు వివాదం ఎలా పరిష్కరించారో ఫోనులో వివరించారు. బృందాన్ని నడిపిన అనుభవానికి ఆధారం లేదు, ఇంటర్వ్యూలో అడగగలరు." చివరి ముక్కను వదిలేయకండి. లేనిది లేదని ముందే రాస్తే, ఉన్నదని రాసినదాన్ని ఆయన నమ్మి చదువుతారు.