నెగటివ్ ప్రాంప్ట్ రాస్తే వేళ్లు చక్కబడతాయా? ఏఐ వీడియోలపై అపోహలు - వాస్తవాలు

ఒక పూల దుకాణం ప్రకటన కోసం ఇటీవల 5 సెకన్ల షాట్ ఒకటి తయారు చేశాను. గుడిమల్కాపూర్ పూల మార్కెట్ లాంటి సందడిలో ఒక పెద్దావిడ అరటినారతో మల్లెమాల కడుతూ ఉండాలి, ఆమె వెనక దుకాణం బోర్డు కనిపించాలి. ఆలీబాబా విడుదల చేసిన వాన్ 2.1 మోడల్‌ను నా కంప్యూటర్‌లోనే నడిపి, 832×480 సైజులో, సెకనుకు 16 చొప్పున 81 ఫ్రేములు తీశాను. మొదటి ప్రయత్నంలో ఆమె వేళ్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి, బోర్డు మీద ఏ భాషకూ చెందని గీతలు వచ్చాయి, గోడ మీద వెలుతురు మిణుకుమిణుకుమంది. అన్నిటికన్నా వింతగా, మార్కెట్‌లో ఆమె తప్ప మరో మనిషే లేడు. వీడియోలో ఏమేం వద్దో రాసే నెగటివ్ ప్రాంప్ట్ గురించి తరచుగా వినిపించే అపోహలన్నీ ఈ ఒక్క షాట్‌లోనే కనిపించాయి కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుంటున్నాను.

అపోహ: నెగటివ్ ప్రాంప్ట్ అంటే మోడల్‌కు ఇచ్చే ఆజ్ఞ. వద్దన్నది రాదు.

వాస్తవం: అది ఆజ్ఞ కాదు, ఒక తీసివేత. మోడల్ పని చుక్కల గందరగోళంతో, అంటే నాయిస్‌తో, మొదలవుతుంది. దాన్ని తొలగించే ప్రతి మెట్టులోనూ మోడల్ రెండు అంచనాలు వేస్తుంది. ఒకటి మనం కోరిన వర్ణనకు, రెండోది నెగటివ్ పెట్టెలో రాసిన వర్ణనకు. ఆ తరువాత జరిగేది ఇంతే:

```
out = neg + s * (pos - neg)
```

ఇక్కడ `pos` మొదటి అంచనా, `neg` రెండోది, `s` అనేది వాటి తేడాను ఎన్ని రెట్లు చేయాలో చెప్పే గైడెన్స్ విలువ. వాన్ 2.1లో అది మామూలుగా 5 ఉంటుంది. దాన్ని 1 చేస్తే `neg` రెండు చోట్లా కొట్టుకుపోయి `pos` మాత్రమే మిగులుతుంది. నాలుగైదు మెట్లలోనే వీడియో ఇచ్చే వేగవంతమైన మోడళ్లను సాధారణంగా గైడెన్స్ 1 దగ్గరే నడుపుతారు, అంటే అక్కడ నెగటివ్ పెట్టెలో ఎంత రాసినా అది లెక్కలోకే రాదు. అనుమానం ఉంటే అదే సీడ్‌తో, అంటే మొదటి నాయిస్‌ను నిర్ణయించే అదే సంఖ్యతో, నెగటివ్ పెట్టెను ఒకసారి నింపి, ఒకసారి ఖాళీగా ఉంచి రెండుసార్లు తీసి చూడండి. రెండు వీడియోలూ అచ్చు ఒకేలా వస్తే ఆ పెట్టె పనిచేయడం లేదన్నమాట.

ఇది తీసివేత కాబట్టి నెగటివ్ పెట్టెలో `no text` అని రాయకూడదు, `text` అని వస్తువు పేరు మాత్రమే రాయాలి. అదే `no text` మాటను ప్రధాన ప్రాంప్ట్‌లో రాస్తే పరిస్థితి ఇంకా చెడుతుంది, ఎందుకంటే లేదన్న భావం కన్నా అక్షరాలన్న మాటే మోడల్‌ను బలంగా లాగుతుంది. అక్కడ ‘ఏమీ రాయని నీలం బోర్డు’ అంటూ కావలసినదాన్నే వర్ణించడం మేలు.

అపోహ: మోడల్‌తో పాటు వచ్చే నెగటివ్ జాబితాను అలాగే ఉంచితే నష్టం లేదు.

వాస్తవం: నా మార్కెట్‌ను ఖాళీ చేసింది ఆ జాబితాయే. వాన్ 2.1 జాబితా చైనీస్‌లో ఉంటుంది, అందువల్ల మనలో చాలామందిమి చదవకుండానే వదిలేస్తాం. అనువదించి చూస్తే అదనపు వేళ్లు, కలిసిపోయిన వేళ్లు, ఉపశీర్షికలు వంటి వాటితో పాటు ‘నేపథ్యంలో చాలామంది మనుషులు’, ‘చిందరవందర నేపథ్యం’, ‘నిశ్చలం’, ‘కొట్టొచ్చే రంగులు’, ‘శైలి’, ‘చిత్రలేఖనం’ అనే మాటలు కూడా అందులో ఉన్నాయి. మార్కెట్ అని పైన అడుగుతూ, జనం వద్దని కింద నేనే చెబుతున్నాను.

షాట్‌లన్నిటినీ ఒకే శైలిలో నిలిపే స్టైల్ లాక్ పట్టు జారడానికి నేను చూసిన కారణాల్లో ఇది ముఖ్యమైనది. ప్రతి షాట్‌కూ అక్షరం మారకుండా వాడే శైలి వాక్యంలో ‘కలంకారీ చిత్రం, కొట్టొచ్చే ఎరుపు, నీలం’ అని రాసి, కింద ఈ జాబితాను ఉంచితే రెండూ ఎదురెదురుగా లాగుతాయి. కెమెరా కదలకూడదని కోరేవారికి ‘నిశ్చలం’ అనే మాట కూడా అలాగే అడ్డు తగులుతుంది. నేను ఆ జాబితాను అక్షరాలు, ఉపశీర్షికలు, కలిసిపోయిన వేళ్లు, మసక అనే నాలుగు మాటలకు కుదించాను. మరుసటి వీడియోలోనే మార్కెట్ జనంతో నిండింది.

అపోహ: ‘ఆరు వేళ్లు’ అని నెగటివ్‌లో రాస్తే చేతులు బాగుపడతాయి.

వాస్తవం: కొద్దిగా సాయపడుతుంది, కానీ అసలు కారణాన్ని తాకదు. ఈ మోడల్ మన ఫ్రేమును నేరుగా చూడదు. చిత్రాన్ని పొడవు, వెడల్పుల్లో 8 రెట్లు కుదించి, ఆ పైన రెండేసి గడులను కలిపి చూస్తుంది, అంటే 16×16 పిక్సెళ్లు దానికి ఒక్క గడి. నా మొదటి షాట్‌లో పెద్దావిడ అరచేయి సుమారు 48 పిక్సెళ్ల వెడల్పు ఉంది. అయిదు వేళ్లూ మూడు గడుల వెడల్పులో ఇమడాలి. ఏ మాటలతో అడిగినా అది చాలా కష్టం.

కాలం విషయంలోనూ ఇదే కుదింపు ఉంది. మొదటి ఫ్రేము తరువాత ప్రతి నాలుగు ఫ్రేములూ కలిసి ఒకటవుతాయి, కాబట్టి 81 ఫ్రేముల వీడియో మోడల్‌కు 21 మాత్రమే. సెకనుకు 16 ఫ్రేములంటే పావు సెకను కదలిక అంతా ఒకే ముద్ద. మాల కట్టేవాళ్ల వేళ్లు నారను చుట్టి, ముడి బిగించే పనిని చాలా వేగంగా ముగిస్తాయి. అందుకే పువ్వును అందుకునేటప్పుడు బాగున్న చేయి, ముడి వేసే క్షణంలో కరిగిపోయింది.

కాబట్టి షాట్‌ను రెండుగా విడగొట్టాను. దూరపు షాట్‌లో చేతులను పూలబుట్ట చాటున ఉంచాను. క్లోజప్‌లో అరచేయి 200 పిక్సెళ్లకు మించి వచ్చేలా పెట్టి, ‘నెమ్మదిగా ఒక్క మల్లెను నారపై ఉంచుతోంది’ అని ఒకే పని అడిగాను. దీనికి మొదటి ఫ్రేముగా నేను తీసిన అసలు ఫొటోనే ఇచ్చాను, ఎందుకంటే వేళ్లను కొత్తగా ఊహించడం కన్నా ఉన్న వేళ్లను కదపడం మోడల్‌కు తేలిక. అయినా ఎనిమిది సీడ్‌లలో రెండే వాడుకోదగ్గవి వచ్చాయి. నెగటివ్‌లో `hands` అని మొత్తంగా రాస్తే మాత్రం చేతులు బాగుపడవు, ఫ్రేము నుంచి తప్పుకుంటాయి.

అపోహ: సీడ్ మార్చకపోతే శైలి లాక్ అవుతుంది, మిణుకు పోతుంది.

వాస్తవం: సీడ్ నిర్ణయించేది మొదటి నాయిస్‌ను మాత్రమే. ప్రాంప్ట్, సైజు, ఫ్రేముల సంఖ్య ఏది మారినా అదే సీడ్ వేరే చిత్రాన్ని ఇవ్వగలదు. షాట్‌ల మధ్య పోలిక నిలిపేవి మారని శైలి వాక్యం, ఒకే మూల చిత్రం. ఒక క్లిప్ చివరి ఫ్రేముతో తరువాతి క్లిప్ మొదలుపెడితే ప్రతిసారీ రంగు కొద్దికొద్దిగా జరిగి, మూడో క్లిప్‌కు ముఖం రంగే మారుతుంది. అందుకే ప్రతి షాట్‌నూ మూల చిత్రాల నుంచే మొదలుపెడతాను.

మిణుకును చూడాలంటే వీడియోను ఒక్కో ఫ్రేమూ జరపాలి. చీర అంచు, ఆకుల వంటి సన్నని నమూనా మాత్రమే పాకుతుంటే అది గడి కన్నా చిన్న వివరం, దాన్ని పెద్దది చేయాలి లేదా తీసేయాలి. ఫ్రేము మొత్తం వెలుగు పెరిగి తగ్గుతుంటే ప్రాంప్ట్‌లోని దీపాల మాట వెతకాలి. నేను ‘సీరియల్ బల్బుల అలంకరణ’ అని రాశాను, మోడల్ వాటిని వెలిగించి ఆర్పింది. నెగటివ్‌లో `flicker` చేర్చి చూసినా అది ఆగలేదు. దాని బదులు ‘ఎడమవైపు నుంచి పడే మబ్బుపట్టిన ఉదయపు వెలుతురు’ అని రాశాక గోడ నిలకడగా నిలిచింది.

అపోహ: సరైన ప్రాంప్ట్ ఇస్తే బోర్డు మీద తెలుగు వస్తుంది.

వాస్తవం: వాన్ 2.1 తయారీదారులు చెప్పుకున్నదే చైనీస్, ఇంగ్లిష్ అక్షరాల గురించి. గుణింతాలూ వత్తులూ ఒకే అక్షరం చుట్టూ చేరే మన లిపిలో, ఒక చిన్న గీత చెరిగినా మాట మారుతుంది. బోర్డును ఖాళీగా అడిగి, కెమెరాను కదపకుండా ఉంచి, పేరును ఎడిటింగ్‌లో యూనికోడ్ ఫాంట్‌తో వేశాను. బోర్డు ఫోకస్‌లో లేదు కాబట్టి అక్షరాలకూ అంతే మసక కలిపాను. పెద్దావిడ తల బోర్డుకు అడ్డు వచ్చిన 11 ఫ్రేములలో, తల మీద అక్షరాలు పడకుండా దాచే మాస్క్‌ను చేత్తో గీయవలసి వచ్చింది.