నడిస్తే కాళ్లు లాగుతున్నాయా? ఆగాక ఏం చేస్తే తగ్గుతుందో చెప్పండి

పర్లాకిమిడిలో నా దగ్గరికి వచ్చే అరవై దాటినవాళ్లు చాలామంది ఎమ్మారై ఫిల్ము పట్టుకునే వస్తారు. బరంపురంలోనో శ్రీకాకుళంలోనో తీయించి ఉంటారు. ఫిల్ము చూసేముందు నేను అడిగేది ఒక్కటే: నడుస్తూ నొప్పి వచ్చి ఆగినప్పుడు, ఏం చేస్తే తగ్గుతుంది?

అపోహ: నడిస్తే కాళ్లు లాగడం అంటే నరాల బలహీనత. బలం ఇంజెక్షన్లు వేయించుకుంటే చాలు.

ఈ లాగుడుకి ముఖ్యంగా రెండు కారణాలు. ఒకటి నడుములో వెన్ను కాలువ ఇరుకైపోయి నరాలు నలగడం. రెండోది కాలి రక్తనాళాలు పూడుకుపోవడం. రెండింటికీ బలం ఇంజెక్షన్లు పనిచేయవు.

68 ఏళ్ల ఒక రైతు నాతో అన్న మాట: "బాబూ, సైకిలైతే పాతపట్నం దాకా తొక్కేస్తాను. నడకే, ఐదు నిమిషాలకి పిర్రల నుంచి పిక్కల దాకా తిమ్మిరెక్కిపోతాది." నిలబడితే తగ్గదు. అరుగు మీద కూర్చుని ముందుకు వంగితే కొన్ని నిమిషాలకి తేలికపడుతుంది. రోగం పేరు దాదాపు ఆయనే చెప్పేశారు. నడుము నిటారుగా ఉంటే లోపలి లిగమెంటు ముడతపడి కాలువ ఇంకా ఇరుకవుతుంది, వంగితే తెరుచుకుంటుంది. సైకిల్ మీద ముందుకు వంగే కూర్చుంటాం కదా. ఇలాంటివాళ్లకి దిగుడు కంటే ఎగుడు దారే సుఖం.

రక్తనాళాల నొప్పి అలా కాదు. ఎక్కువగా పిక్క పట్టేస్తుంది, దాదాపు ప్రతిసారీ అంతే దూరానికి. కూర్చోనక్కర్లేదు, ఊరికే నిలబడితే చాలు, కొద్ది నిమిషాల్లోనే పోతుంది. గట్టు ఎక్కినా, సైకిల్ తొక్కినా మళ్లీ వస్తుంది.

అపోహ: ఎమ్మారైలో నరం నొక్కుకుందని ఉంటే నొప్పికి కారణం అదే.

నన్ను బాగా బాధపెట్టేది ఈ నమ్మకం. వయసు మీద పడ్డాక ఏ నొప్పీ లేనివాళ్ల ఫిల్ములో కూడా కాలువ ఇరుకుగా కనిపించవచ్చు.

64 ఏళ్ల అమ్మ ఒకామె వచ్చారు. 4, 5 నడుము పూసల మధ్య కాలువ బాగా ఇరుకైందని రిపోర్టు. వేరేచోట ఆపరేషన్‌కి తేదీ కూడా ఇచ్చేశారు. ఆమె మాత్రం నొప్పి వస్తే నిలబడితే పోతుందన్నారు. ముప్పై ఏళ్లుగా అడ్డపొగ చుట్ట అలవాటు. పాదం మీద నాడి నా వేళ్లకి అందలేదు. బీపీ చూస్తే చేతి దగ్గర 150, చీలమండ దగ్గర 90. భాగిస్తే 0.6. ఇది 0.9 కంటే తక్కువుంటే కాలికి రక్తం సరిగా అందడం లేదన్నమాట. వెన్ను ఆపరేషన్ జరిగినా ఆమె పిక్క నొప్పి అలాగే ఉండేది. చుట్ట మానిపించి, మందులు రాసి, నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, మళ్లీ నడిచే పద్ధతి నేర్పించాం.

ఒక జాగ్రత్త. షుగర్ పాతబడినవాళ్ల నాళాలు గట్టిపడి ఈ లెక్క మామూలుగా, ఒక్కోసారి ఎక్కువగా కూడా వస్తుంది. వాళ్లకి కాలి బొటనవేలి దగ్గర ఒత్తిడి కొలవాలి. రెండు జబ్బులూ కలిసి ఉన్నవాళ్లూ ఉంటారు.

అపోహ: కాలువ ఇరుకైతే వెంటనే ఆపరేషన్ చేయించాలి, లేకపోతే కాళ్లు పడిపోతాయి.

చాలామందికి ఈ జబ్బు ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది, కొందరికి కాస్త తగ్గుతుంది కూడా. అందుకే ముందు మూడు నెలలు వ్యాయామం: వెల్లకిలా పడుకుని మోకాళ్లు ఛాతీకి తెచ్చుకోవడం, పొట్ట కండరాలకి బలం, రోజూ సైకిల్. 2015లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో 169 మందిని ఆపరేషన్, ఫిజియోథెరపీ అని రెండు గుంపులు చేశారు. రెండేళ్లకి ఫలితం దాదాపు ఒకటే. కాకపోతే ఫిజియోథెరపీ గుంపులో సగానికి పైగా మధ్యలో ఆపరేషన్ వైపు వెళ్లిపోయారు. కాబట్టి వ్యాయామమే అందరికీ చాలుతుందని దీన్నిబట్టి నేను చెప్పను.

ఆ రైతుకి చాలలేదు. మూడు నెలలు శ్రద్ధగా చేసినా నడక ఐదు నిమిషాలు దాటలేదు, పొలం వెళ్లడం మానేశారు. అప్పుడు ఆపరేషన్‌కి పంపాను. పూస వెనక ఎముక కొంత, మందపడిన లిగమెంటు తీసి నరాలకి చోటిచ్చారు. రాడ్లు, స్క్రూలు వేయలేదు. పూస జారి కదులుతుంటే తప్ప వాటి అవసరం అరుదు. ఆరు వారాలకి అరగంట నడిచారు. నడుము నొప్పి మాత్రం కొంత మిగిలింది. ఈ ఆపరేషన్ కాలి బాధకి పనిచేసినంతగా నడుము నొప్పికి పనిచేయదని ముందే చెప్పాను కాబట్టి ఆయన కంగారుపడలేదు.

మూడు నెలలు ఆగకూడని సందర్భాలు ఉన్నాయి. మూత్రం బిగుసుకుపోయినా, తెలియకుండా కారిపోతున్నా, కూర్చునే చోట మొద్దుబారినా, పాదం పైకి లేవకపోయినా ఆ రాత్రే బండి మాట్లాడుకుని బరంపురమో విశాఖో బయల్దేరాలి.