అపోహలు - వాస్తవాలు: టేబుల్ పొడుగైతే గ్రాఫ్ వేసేయడమేనా?

"రివ్యూయర్ టేబుల్ 3 మరీ పొడుగ్గా ఉందన్నారు సార్, గ్రాఫ్‌గా మార్చమన్నారు. ఆదివారంలోగా పంపాలి." బరంపురంలో నా దగ్గరకు వచ్చే పీహెచ్‌డీ పిల్లల్లో చాలామంది ఈ మాటతోనే మొదలుపెడతారు. ఇంట్లో తెలుగు, ల్యాబ్‌లో ఒడియా, పేపర్ ఇంగ్లీషులో, పైన గడువు. వాళ్ల టెన్షన్ నాకు అర్థమవుతుంది. అర్థం కానిది సీనియర్లు వాళ్లకు చెప్పి పంపే సలహాలు.

అపోహ: టేబుల్‌ను గ్రాఫ్‌గా మార్చడమంటే అందులోని అంకెలన్నీ గ్రాఫ్‌లోకి ఎక్కించడం.

పిల్లలకు ఎక్కువ నష్టం చేసేది ఇదే. అందుకే దీని గురించే ఎక్కువ చెబుతాను.

పర్లాకిమిడి వైపు అమ్మాయి ఒకామె భూగర్భ జలాల మీద పనిచేస్తోంది. ఆమె అంకెలు కొంచెం మార్చి చెబుతున్నాను. 24 బోర్లు, ఒక్కో నీటికి 9 పరీక్షలు, వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి. మొత్తం 432 అంకెలు. ఎక్సెల్‌లో టేబుల్ మొత్తం సెలెక్ట్ చేసి బార్ చార్ట్ కొట్టింది. నీటిలో కరిగి ఉన్న పదార్థాల మొత్తాన్ని చెప్పే టీడీఎస్ బార్లు 1200 దాకా లేచాయి. లీటరుకు 1.2 మిల్లీగ్రాములున్న ఫ్లోరైడ్ వాటి పక్కన ఏమవుతుంది? గ్రాఫ్ 10 సెంటీమీటర్ల ఎత్తుంటే ఆ బార్ ఎత్తు మిల్లీమీటరులో పదో వంతు. ఆమె పేపర్ శీర్షికలో ఉన్నదేమో ఫ్లోరైడే!

ఎవరో చెబితే రెండో ప్రయత్నంగా సగటులు తీసింది. వానలకు ముందు ఫ్లోరైడ్ సగటు 1.1, తర్వాత 0.9. రెండే రెండు బార్లు, చూడ్డానికి నీటుగా ఉన్నాయి. తాగునీటి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ 1.0 దాటకూడదు, వేరే నీటి వనరు లేనిచోట మాత్రం 1.5 దాకా ఒప్పుకుంటారు. సగటు చూసినవాళ్లు పెద్ద ఇబ్బందేం లేదనుకుంటారు. కానీ టేబుల్‌లో వానలకు ముందు ఐదు బోర్లు 1.5 దాటాయి, ఒకటి 2.6 దగ్గరుంది. ఆ బోరు నీళ్లు తాగేవాళ్లకు 24 బోర్ల సగటుతో పనేముంది?

వాస్తవం: ఒక గ్రాఫ్ ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. ప్రశ్న లేకపోతే గ్రాఫ్ వద్దు.

"చదివేవాడు ఈ టేబుల్‌లో దేన్ని దేనితో పోల్చాలి?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "ఏ బోరులో ఫ్లోరైడ్ హద్దు దాటింది, వానల తర్వాత తగ్గిందా లేదా" అంది. ఇక పని తేలికైంది. మిగతా ఎనిమిది పరీక్షలు ఈ గ్రాఫ్‌లోకి రావు.

బార్లు తీసేసి చుక్కలు పెట్టాం. ఒక్కో బోరుకు ఒక వరస: వానలకు ముందుది నిండు చుక్క, తర్వాతది ఖాళీ చుక్క, మధ్యలో సన్నటి గీత. 1.0 దగ్గర, 1.5 దగ్గర నిలువుగా రెండు తెగిన గీతలు. ఒకే స్కేలు మీద ఉన్న చుక్కల స్థానాన్ని కన్ను బాగా పోల్చుకుంటుంది. కోణాలు, వైశాల్యాల విషయంలో తడబడుతుంది. గణాంక శాస్త్రవేత్తలు క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ 1984లోనే ప్రయోగాలు చేసి చూపించారు ఈ సంగతి.

అన్నిటికన్నా ముఖ్యమైనది వరసల క్రమం. ఆమె శాంపిల్ నంబరు ప్రకారం పెట్టింది. బి-1 తర్వాత బి-2 రావడానికి కారణం ఆ రోజు జీపు వెళ్లిన దారి, అంతే. ఫ్లోరైడ్ విలువ ప్రకారం పేర్చమన్నాను. ఆర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఇంతే పని:

```r
library(ggplot2)
d$bore <- reorder(d$bore, d$F_pre)
ggplot(d, aes(y = bore)) +
  geom_segment(aes(x = F_pre, xend = F_post, yend = bore)) +
  geom_point(aes(x = F_pre), shape = 16) +
  geom_point(aes(x = F_post), shape = 1) +
  geom_vline(xintercept = c(1.0, 1.5), linetype = 2)
```

ఎక్కువ ఉన్నవి పైకి వచ్చాయి. ఖాళీ చుక్కలు దాదాపు అన్నీ ఎడమకు జరిగాయి, అంటే వానల తర్వాత ఫ్లోరైడ్ తగ్గింది. మూడు బోర్లలో మాత్రం కుడికి జరిగాయి. ఆ మూడూ టేబుల్‌లో 4, 13, 21 వరసల్లో ఎక్కడెక్కడో ఉండిపోయాయి. ఏడాదిగా ఆ టేబుల్ చూస్తున్న ఆమెకే కనబడలేదు.

అపోహ: ప్రతి టేబుల్‌కూ ఏదో ఒక గ్రాఫ్ ఉంటుంది.

ఉండదు. అదే అమ్మాయి దగ్గర సీసం ఫలితాల కాలమ్ ఉంది. 24లో 19 చోట్ల బీడీఎల్, అంటే యంత్రం పట్టుకోగలిగే హద్దు కన్నా తక్కువ. ఎక్సెల్ ఆ అక్షరాలను గ్రాఫ్‌లో సున్నాగా వేసేస్తుంది. ఆర్ అయితే కాలమ్ మొత్తాన్ని అక్షరాలుగా తీసుకుంటుంది, స్కేలు మీద 10 వచ్చి 2 కన్నా ముందు కూర్చుంటుంది. స్కేలు అలా కనిపించిందంటే కాలమ్‌లో ఎక్కడో అక్షరాలున్నాయని అర్థం. సున్నా అనడం, పట్టుకోలేకపోయాం అనడం ఒకటి కాదు. బీడీఎల్‌లు ఒకటి రెండే ఉంటే హద్దు దగ్గర వేరే గుర్తు పెట్టి, కింద ఆ మాట రాయొచ్చు. 19 ఉంటే గ్రాఫ్ వద్దు. ఎన్ని బోర్లలో దొరికింది, ఎంత నుంచి ఎంత దాకా ఉంది అని ఒక వాక్యం రాస్తే సరిపోతుంది.

పీహెచ్ కూడా అంతే. అన్ని బోర్లలోనూ 7.1కీ 7.6కీ మధ్యే ఉంటే గ్రాఫ్‌లో చూపించడానికేముంది? స్కేలును 7.0 నుంచి 7.7కు కుదిస్తే చిన్న తేడా కొండలా కనిపిస్తుంది. బార్లతో అలా చేస్తే అది మోసమే, ఎందుకంటే బార్ పొడవు సున్నా నుంచి మొదలవ్వాలి. ఇంకొకరు తమ లెక్కల్లో వాడుకోవాల్సిన కచ్చితమైన అంకెలైతే టేబుల్‌గానే ఉండనివ్వండి. గ్రాఫ్ మీద స్కేలు పెట్టి కొలిచి అంకె రాబట్టుకోవాల్సిన ఖర్మ వాళ్లకెందుకు?

అపోహ: టేబుల్ కూడా ఉంచి, గ్రాఫ్ కూడా పెడితే పేపర్ బరువు పెరుగుతుంది.

పేజీలు పెరుగుతాయి. ఒకే డేటాను రెండుసార్లు చూపించొద్దని వైద్య పత్రికల సంపాదకుల కమిటీ ఐసీఎంజేఈ సూచనల్లోనే ఉంది. ఆమె 432 అంకెల టేబుల్‌ను అనుబంధంలోకి పంపించాం, పేపర్‌లో ఫ్లోరైడ్ గ్రాఫ్ ఒక్కటే ఉంచాం.

త్రీడీ పై చార్టు గురించి అడగొద్దు. బోర్లను గీతతో కలిపే లైన్ చార్టు గురించి కూడా. ఆ తప్పు నేనే చేశాను. నా థీసిస్‌లో ఊళ్లను వరసగా గీతతో కలిపాను. వైవాలో ఎగ్జామినర్ రెండు ఊళ్ల మధ్య గీత మీద వేలు పెట్టి, "ఇక్కడ ఏ ఊరుంది బాబూ?" అన్నారు. హాలంతా నవ్వింది. నాకు చెమటలు పట్టాయి.

రివ్యూయర్ అడిగారు కదా, మొత్తం మార్చకపోతే ఏమంటారోనని ఆ అమ్మాయి భయపడింది. జవాబులో మూడే మాటలు రాయించాను: ఫ్లోరైడ్‌ను గ్రాఫ్‌గా మార్చాం, పూర్తి టేబుల్ అనుబంధంలో ఉంది, సీసానికి గ్రాఫ్ వేయకపోవడానికి కారణం బీడీఎల్‌లు. శనివారం రాత్రే పంపేసింది. సోమవారం ఫోన్ చేసింది, ఆ మూడు బోర్ల నీళ్లు మళ్లీ పట్టుకురావడానికి జీపు దొరుకుతుందా అని.