75, 60, 40: మారథాన్ టేపర్ లెక్క ఎక్కడి నుంచి వచ్చింది?

డిసెంబరు చివర్లో హైదరాబాద్ రన్నింగ్ గ్రూపుల్లో ఏటా ఒకటే చర్చ. ముంబై మారథాన్ జనవరి మూడో ఆదివారం. దానికి సరిగ్గా మూడు వారాల ముందు 32 కిలోమీటర్ల ఆఖరి లాంగ్ రన్ అయిపోతుంది. అక్కడి నుంచి దూరం తగ్గించుకుంటూ రావాలి, దాన్నే టేపర్ అంటారు. ఎంత తగ్గించాలి అని కొత్తవాళ్లు అడిగితే సీనియర్లు మూడు అంకెలు చెబుతారు. అన్ని వారాల కంటే ఎక్కువ దూరం పరుగెత్తిన వారాన్ని, అంటే పీక్ వీక్‌ను, నూరు అనుకుని మొదటి వారం 75 శాతం, రెండో వారం 60, రేసు వారం 40. రేసులో పరుగెత్తే 42 కిలోమీటర్లు ఈ లెక్కలోకి రావు.

ఈ అంకెలు పనిచేస్తాయి. ఎటొచ్చీ, ఏ దూరంలో 75 శాతం అన్న దగ్గరే చాలామంది లెక్క తప్పుతోంది. దానికి కారణం తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

టేపర్ పుట్టింది రోడ్డు మీద కాదు, ఈత కొలనులో. 1940ల చివర్లో సిడ్నీ విశ్వవిద్యాలయంలో ఫిజియాలజీ ప్రొఫెసర్ ఫ్రాంక్ కాటన్, ఆయన దగ్గర చదివి ఈత కోచ్ అయిన ఫోర్బ్స్ కార్లైల్ కలిసి పోటీకి ముందు సాధన తగ్గిస్తే ఏమవుతుందో పద్ధతిగా చూడటం మొదలుపెట్టారు. అప్పటికి పోటీకి ముందురోజు దాకా కష్టపడటమే గొప్ప అనుకునే రోజులు. తగ్గించిన ఈతగాళ్లు వేగంగా ఈదుతున్నారని వాళ్లకు అర్థమైంది.

పరుగు ప్రపంచానికి అదే పాఠం అనుకోకుండా అందింది. చెకోస్లొవాకియా రన్నర్ ఎమిల్ జాటోపెక్ రోజుకు డజన్ల కొద్దీ 400 మీటర్ల పరుగులు తీసే మనిషి. 1950 ఆగస్టులో బ్రస్సెల్స్‌లో యూరోపియన్ చాంపియన్‌షిప్స్. దానికి ముందు తిన్నది వికటించి దాదాపు రెండు వారాలు ఆసుపత్రిలో పడ్డాడు. మంచం దిగి వెళ్లి 10,000 మీటర్లు 69 సెకన్ల తేడాతో, 5,000 మీటర్లు 23 సెకన్ల తేడాతో గెలిచాడు. ఈ కథను టేపర్‌కు సాక్ష్యంగా ఇప్పటికీ చెప్పుకుంటారు. నా దృష్టిలో ఇది బలహీనమైన సాక్ష్యమే, ఎందుకంటే ఆరోగ్యంగా వెళ్లినా ఆయనే గెలిచేవాడేమో. కానీ విశ్రాంతి తీసుకుంటే ఫిట్‌నెస్ పోతుందన్న భయానికి మాత్రం అది పెద్ద దెబ్బే.

ఏది తగ్గించవచ్చు, ఏది తగ్గించకూడదు అన్నది తేలడానికి ఇంకో ముప్పై ఏళ్లు పట్టింది. 1980ల మొదట్లో అమెరికాలో రాబర్ట్ హిక్సన్ బృందం మామూలు మనుషులతో పది వారాల పాటు వారానికి ఆరు రోజులు, రోజుకు 40 నిమిషాల చొప్పున గట్టిగా సైకిల్ తొక్కించింది, పరుగెత్తించింది. వాళ్ల వీవో టూ మ్యాక్స్, అంటే శరీరం గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్ మోతాదు, బాగా పెరిగింది. ఆ తర్వాత పదిహేను వారాలు సాధన తగ్గించారు, అయితే ఒక్కో ప్రయోగంలో ఒక్కటే తగ్గించారు. ఒకసారి రోజులు తగ్గించారు: ఆరు నుంచి నాలుగుకు, లేదా రెండుకు. పెరిగిన వీవో టూ మ్యాక్స్ నిలిచింది. ఇంకోసారి నిమిషాలు తగ్గించారు: 40 నుంచి 26కు, లేదా 13కు. అప్పుడూ నిలిచింది. మూడోసారి రోజులు, నిమిషాలు అలాగే ఉంచి తీవ్రత తగ్గించారు. ఈసారి నిలవలేదు.

ఈ రోజు కోచ్‌లు 'దూరం కోయండి, వేగం కోయొద్దు' అనే మాట వెనుక ఉన్నది ప్రధానంగా ఈ మూడు ప్రయోగాలే. 1992లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దీన్ని బాగా సాధన చేసిన మిడిల్ డిస్టెన్స్ రన్నర్లపై వారం రోజుల టేపర్‌తో పరీక్షించారు. దూరం బాగా కోసేసి వేగంగా 500 మీటర్ల పరుగులు మాత్రమే తీసినప్పుడు, వాళ్లు ట్రెడ్‌మిల్‌పై అలసిపోయే దాకా పరుగెత్తగలిగిన సమయం 22 శాతం పెరిగింది. నెమ్మదిగా ఓ మోస్తరు దూరం పరుగెత్తినప్పుడు 6 శాతమే. పూర్తిగా కూర్చున్నప్పుడు లాభమే లేదు. 22 శాతం చూసి మారథాన్‌లో గంట తగ్గుతుందని ఆశపడకండి. అది అలసిపోయే దాకా ఓపిక పట్టిన సమయం, రేసు టైమింగ్ కాదు.

దీనికి ఒక వివరణ ఉంది. నెలల తరబడి చేసిన సాధన శరీరంలో రెండు మిగులుస్తుంది, సామర్థ్యం, అలసట. అలసట రోజుల్లో దిగిపోతుంది. సామర్థ్యం వారాల్లో గానీ తగ్గదు. 1970లలో కెనడాకు చెందిన ఎరిక్ బానిస్టర్ దీన్ని గణిత నమూనాగా రాశాడు. టేపర్ అంటే ఈ రెండింటి మధ్య దొరికే సందును పట్టుకోవడమే.

ఇక శాతాలు. 2007లో లారాన్ బొస్కే, ఇనిగో ముహికా తదితరులు అప్పటిదాకా వచ్చిన 27 అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు. రెండు వారాల పాటు, తీవ్రత, వారంలో సాధన చేసే రోజులు మార్చకుండా, మొత్తం దూరాన్ని 41 నుంచి 60 శాతం మేర తగ్గించినప్పుడు ఫలితం అన్నిటికంటే బాగుందని తేల్చారు. ఈ ఒక్క వాక్యం ఎన్ని ట్రైనింగ్ ప్లాన్లలోకి వెళ్లిందో చెప్పలేం. అయితే అందులో రెండు సంగతులు దారిలో జారిపోయాయి.

మొదటిది, ఆ అధ్యయనాల్లో ఉన్నది ఈతగాళ్లు, సైక్లిస్టులు, రన్నర్లు. వాళ్లలో చాలామంది పోటీ నిమిషాల్లో ముగిసేది, నాలుగు గంటలు సాగేది కాదు. రెండోది ఇంకా ముఖ్యం. వాళ్లు తగ్గించింది దేని నుంచి? టేపర్‌కు ముందు క్రీడాకారుడు మామూలుగా చేస్తున్న సాధన నుంచి. ప్రయోగంలో ఆ సాధన వారాల తరబడి దాదాపు ఒకేలా ఉంటుంది. మారథాన్ ప్లాన్లు రాసేవాళ్లు మాత్రం సులువుగా కనబడే పీక్ వీక్‌ను పట్టుకున్నారు. 1984, 1988 ఒలింపిక్స్‌లో అమెరికా తరఫున మారథాన్ పరుగెత్తి తర్వాత కోచ్ అయిన పీట్ ఫిట్జింజర్ లాంటివాళ్లు చెప్పిన తగ్గింపు కూడా 20–25, 40, 60 శాతమే, అంటే మన 75, 60, 40 లెక్కే. వాళ్ల ప్లాన్ తు.చ. తప్పకుండా పాటించేవాడికి పీక్ వీక్‌కూ దాని ముందు వారాలకూ పెద్ద తేడా ఉండదు కాబట్టి ఇబ్బంది లేదు. ఆఫీసు, పెళ్లిళ్లు, జలుబుల మధ్య పరుగెత్తే మనలాంటివాళ్లకే చిక్కు.

ఒక ఉదాహరణ చూద్దాం. నాలుగున్నర గంటల్లో ముంబై పూర్తి చేయాలనుకున్న ఒక రన్నర్ ఆఖరి ఆరు వారాల్లో ఇలా పరుగెత్తాడనుకోండి: 54, 58, 46, 60, 56, 78 కిలోమీటర్లు. మూడో వారం 46 కావాలని తీసుకున్న రికవరీ వారం. ఆఖరి వారం 78 ఎందుకంటే క్రిస్మస్ సెలవులొచ్చాయి, వాతావరణం చల్లగా ఉంది, ఊపులో రెండు లాంగ్ రన్‌లు కొట్టేశాడు. ఇప్పుడు 78ని పీక్ అనుకుని లెక్క వేస్తే టేపర్ మొదటి వారం 58, రెండో వారం 47, రేసు వారం 31. కాగితం మీద చక్కగా ఉంది. కానీ ఆరు వారాల సగటే 58.7! అంటే మొదటి వారం అతడు ఏమీ తగ్గించలేదు. రెండో వారం తగ్గించింది 20 శాతం. 78 కిలోమీటర్ల అలసటను దించుకోవాల్సిన మనిషి మామూలు వారం ఒకటి అదనంగా పరుగెత్తాడు.

నేనైతే 78నీ 46నీ పక్కన పెడతాను. మిగతా నాలుగు వారాల సగటు 57. దానిపై శాతాలు వేస్తే 43, 34, 23. మొదటి వారం 43ని ఐదు రోజులకు పంచాలి, రోజులు తగ్గించొద్దు: మంగళవారం 6, బుధవారం 8, గురువారం 5, శనివారం 4, ఆదివారం 20. బుధవారం ఎనిమిదిలో నాలుగు కిలోమీటర్లు ఒక్కొక్కటిగా, మధ్యలో విరామంతో, ఎప్పటి వేగంలోనే కొట్టాలి. రేసు వారం 23లో మంగళవారం 7, అందులో మూడు కిలోమీటర్లు రేసు వేగంలో. బుధ, గురువారాల్లో ఆరేసి, శుక్రవారం సెలవు, శనివారం తేలిగ్గా 4.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు లాంగ్ రన్ దగ్గర. మొత్తం 43కి దించి, ఆదివారం మాత్రం 'ఇంకొక్కసారి' అంటూ 30 పరుగెత్తేవాళ్లున్నారు. వారం అంకె సరిపోతుంది, కాళ్లు సరిపోవు. శాతం లాంగ్ రన్‌కూ వర్తించాలి.

రెండు వారాలా, మూడు వారాలా అన్న వాదనకు 2021లో డబ్లిన్ నుంచి ఒక జవాబు వచ్చింది. యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్‌కు చెందిన బారీ స్మిత్, ఏంగస్ లాలర్ స్ట్రావా యాప్‌లో నమోదైన లక్షా 58 వేల మందికి పైగా సాధారణ రన్నర్ల సాధనను పరిశీలించారు. మూడు వారాల పాటు ప్రతి వారం ముందు వారం కంటే క్రమంగా తగ్గించినవాళ్లు, టేపర్ అంతంత మాత్రంగా చేసినవాళ్ల కంటే సుమారు ఐదున్నర నిమిషాలు, అంటే 2.6 శాతం, మెరుగ్గా ముగించారు. శాతం ఎంత అన్నదానికంటే తగ్గింపు క్రమం తప్పకపోవడం ఇందులో గమనించాల్సింది. ఒక వారం బాగా తగ్గించి, భయమేసి మరుసటి వారం మళ్లీ పెంచినవాళ్లది క్రమం తప్పిన టేపర్. అయితే ఇది ప్రయోగం కాదు, పరిశీలన. టేపర్‌లో క్రమశిక్షణ ఉన్నవాడు ముందు పదహారు వారాల్లోనూ క్రమశిక్షణతోనే ఉండి ఉంటాడు, అందులో ఏది ఎంత పనిచేసిందో విడదీయలేం.

వారానికి 35 కిలోమీటర్లే పరుగెత్తేవాళ్లకు మూడు వారాలు ఎక్కువే అని నా అభిప్రాయం. వాళ్లలో దించుకోవాల్సిన అలసట అంత పేరుకోదు, 40 శాతం అంటే 14 కిలోమీటర్లకు పడిపోతుంది. వాళ్లకు రెండు వారాలు చాలు.

లెక్క సరిగ్గా కుదిరిందో లేదో రేసు వారం మంగళవారం తెలుస్తుంది. రేసు వేగంలో ఆ మూడు కిలోమీటర్లు, అంతకంటే వేగంగా పోకుండా కాళ్లను ఆపుకుంటూ పరుగెత్తాల్సి వస్తే బాగున్నట్టు. ఎప్పటి వేగానికే గుండె వేగం ఎక్కువ చూపిస్తూ, కాళ్లు బరువుగా లాగుతుంటే తగ్గింపు సరిపోలేదన్నమాట, మిగిలిన మూడు పరుగుల్నీ ఇంకా కుదించాలి. బరువు కిలో దాకా పెరిగితే టెన్షన్ పడొద్దు. కండరాల్లో గ్లైకోజెన్, అంటే కార్బోహైడ్రేట్ల నిల్వ, నిండుతోంది, ఒక్కో గ్రాముకు దాదాపు మూడు గ్రాముల నీరు పట్టుకుని ఉంటుంది. వాచీ తెరపై Detraining, అంటే సాధన తగ్గి ఫిట్‌నెస్ పోతోంది, అని కనిపించినా పట్టించుకోకండి. దానికి మీ రేసు తేదీ తెలియదు, మైలేజీ పడిపోవడమే తెలుసు.

ముంబైకి వెళ్లే తెలుగువాళ్లకు ఇంకో చిక్కు: రేసు వారం, సంక్రాంతి తరచూ కలిసే వస్తాయి. 2023లో అయితే రేసు సరిగ్గా పండగనాడే, జనవరి 15న. అరిసెలు, చక్కెర పొంగలి వల్ల నష్టం లేదు, ఆ వారం కావాల్సినవి కార్బోహైడ్రేట్లే. నష్టం ఊరికి రానూపోనూ రాత్రి బస్సుల్లో కూర్చోవడంలో ఉంది. ఊరు వెళ్లక తప్పదంటే మంగళవారం పరుగును సోమవారానికి జరిపి, రేసుకు కనీసం మూడు రాత్రుల ముందు తిరిగొచ్చేలా టికెట్ తీసుకోండి.